పడుకున్నవాళ్ళకు దండం పెట్టకూడదు

తాతయ్యకు ఎనభై ఏళ్ళు నిండిన రోజున ఆయన మా ఇంట్లో లేడు. అమెరికాలో మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లోనే, ఆపరేషన్ అయినవాళ్ళని మళ్ళీ నడిపించే రిహాబ్ సెంటర్‌లో మంచం మీద ఉన్నాడు. డ్రైవ్‌వేలో మంచు మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. సర్జరీ బాగానే జరిగింది. కానీ లేచి కూర్చోమంటే మాత్రం గోడవైపు తిరిగి కళ్ళు మూసుకునేవాడు. థెరపిస్ట్ ఒక అమెరికన్ అమ్మాయి, చాలా ఓపిక గలది. రోజూ వచ్చి, బతిమాలి, వెళ్ళిపోయేది.

నేను చిన్నతనంలోనే ఈ దేశానికి వచ్చినదాన్ని. తెలుగు మాట్లాడటం బాగానే వచ్చుగానీ, పద్ధతిగా నాలుగు మాటలు చెప్పాలంటే తడబడతాను. అందుకే కార్‌లో అమ్మమ్మకు ముందే వినిపించాను.

"తాతయ్యగారికి జన్మదిన శుభాకాంక్షలు. మీరు నిండు నూరేళ్ళు చల్లగా ఉండాలని ఆశీర్వదిస్తున్నాను."

అమ్మమ్మ పకపకా నవ్వింది. "నువ్వు ఆయన్ని ఆశీర్వదించడమేమిటే? చిన్నవాళ్ళు పెద్దవాళ్ళ కోసం దేవుణ్ణి ప్రార్థించాలి. ఆశీర్వాదం వాళ్ళని అడగాలి."

"మరి ఏమనాలి?"

"భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను అను. తర్వాత, మీ ఆశీస్సులు మాకు ఎప్పుడూ ఉండాలి, నన్ను ఆశీర్వదించండి అని కాళ్ళకి దండం పెట్టు. రోజూ నువ్వు అని పిలుస్తావు, సరే. ఇవాళ్టికి మీరు అను."

రెడ్ లైట్ దగ్గర ఆగినప్పుడల్లా పాఠం అప్పజెప్పాను.

గదిలోకి వెళ్ళేసరికి తాతయ్య మేలుకునే ఉన్నాడు. అమ్మమ్మ బ్యాగ్‌లోంచి స్టీలు డబ్బీ తీసి, పసుపు కలిపిన అక్షింతలు ఆయన చేతిలో పోసింది. నేను మంచం చివరికి వెళ్ళి కాళ్ళ మీద దుప్పటి తొలగించబోయాను. ఆయన గభాలున బాగున్న కాలు వెనక్కి లాక్కున్నాడు.

"ఆగు! పడుకున్నవాళ్ళకి దండం పెడతారటే? పోయినవాళ్ళకి పెడతారు అలా."

దుప్పటి వదిలేశాను. ఆ సంగతి నాకు తెలియదు. అమ్మమ్మ ముఖం చూస్తే ఆమె ఈ ఒక్క మాట చెప్పడం మరిచిపోయిందని అర్థమైంది.

"ఇంటికి వచ్చాక చూద్దాంలే," అన్నాడు తాతయ్య.

"పుట్టినరోజు ఇవాళ కదండీ," అంది అమ్మమ్మ, మెల్లగా.

ఆయన చాలాసేపు అక్షింతల వంక చూశాడు. వాటిని తిరిగి డబ్బీలో పోయలేదు. చివరికి వాటిని అమ్మమ్మ చేతిలో పెట్టి, "ఆ పిల్లని పిలవండి," అన్నాడు.

థెరపిస్ట్ నమ్మలేనట్టు చూసింది. ఆయన నడుముకు బెల్టు కట్టి, చేతులతో పరుపును నొక్కి లేవమంది. నేను ఆమె మాటల్ని తెలుగులో చెబుతూ నిలబడ్డాను. కూర్చున్నాక ఆయనకు కళ్ళు తిరిగాయి. కాసేపు ఆగాం. చెమట తుడుచుకుని, "తూర్పు ఎటు?" అని అడిగాడు.

ఫోన్‌లో చూస్తే తూర్పు కిటికీ వైపు ఉంది. ఆయన కూర్చున్నది తలుపు వైపు.

"అయితే కుర్చీలో కూర్చోబెట్టమను. కుర్చీ అటు తిప్పుకోవచ్చు."

కుర్చీలోకి మారాలంటే లేచి నిలబడాలి. రోజూ ఆ అమ్మాయి అడుగుతున్నది అదే. వాకర్ పట్టుకుని, పళ్ళు బిగించి, తాతయ్య నిలబడ్డాడు. అమ్మమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

కుర్చీ కిటికీ వైపు తిప్పాక, అమ్మమ్మను పక్కనే కూర్చోమని, అక్షింతలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"తాతయ్యగారూ, మీకు ఎనభయ్యవ జన్మదిన శుభాకాంక్షలు. మీరూ అమ్మమ్మా ఆయురారోగ్యాలతో, సంతోషంగా మా మధ్య ఉండాలని భగవంతుణ్ణి ప్రార్థిస్తున్నాను. మీ ఆశీస్సులు మాకు ఎప్పుడూ ఉండాలి. నన్ను ఆశీర్వదించండి."

"మీరు ఏమిటే, కొత్తగా?" అన్నాడు.

సెంటర్‌వాళ్ళు తొడిగిన పసుపుపచ్చ సాక్సుల మీదే చేతులుంచి కళ్ళకద్దుకున్నాను. తల మీద అక్షింతలు పడ్డాయి. "ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధిరస్తు! మనోవాంఛా ఫలసిద్ధిరస్తు!" ఇన్నాళ్ళుగా ఆయన గొంతు అంత గట్టిగా నేను వినలేదు. కొన్ని గింజలు థెరపిస్ట్ భుజం మీద కూడా పడ్డాయి. ఇదేమిటని అడిగితే చెప్పాను. ఆమె వాటిని దులుపుకోలేదు.

మధ్యాహ్నం కుర్చీలోనే భోజనం చేశాడు. సాయంత్రం ఆయన మళ్ళీ మంచం మీద పడుకున్నాక, జెర్సీ సిటీ నుంచి మా పిన్ని కొడుకు వీడియో కాల్ చేసి, "తాతయ్యా, మీకు పాదాభివందనాలు," అన్నాడు.

"ఉండరా, కూర్చోనీ," అని తాతయ్య నా వైపు చెయ్యి చాపాడు.

ఆ సంగతి పిన్ని ద్వారా అందరికీ తెలిసింది. శుభాకాంక్షలు చెప్పడం ఆలస్యమైన చుట్టాలు ఆ వారమంతా థెరపీ టైమ్ కనుక్కుని మరీ ఫోన్ చేశారు. తాతయ్య ఒక్క దండాన్నీ పడుకుని తీసుకోలేదు. మంచు కరిగేలోపే వాకర్‌తో ఇంటికి వచ్చేశాడు.