చీమకాట్ల పట్టిక

బస్సు బోధన్ దాటి ఎడపల్లి వైపు పోతుండగా పక్క సీట్లోని అమ్మాయి నా చేతిలో ఒక కాగితం పెట్టింది. "తాతా, జర ఇది పట్టుకొని అడుగు. నేను సూడకుండ చెప్త." తిరిగే ముసలివాణ్ని చూస్తే జనానికి సామాను అప్పగించాలనిపిస్తుందేమో. చాలా ఊళ్లలో సంచులు కాశాను గాని, శవాల సంగతి కాయడం అదే మొదలు.

పేరు హుస్నా. బోధన్‌లో కుట్టుమిషన్లు బాగుచేసే ముష్తాక్ కూతురు, నిజామాబాదులో డాక్టరు చదువు. ఆ రోజు ఫోరెన్సిక్‌లో నోటిపరీక్ష. అందులో మొదట నిలిచినవాళ్లను రాష్ట్రస్థాయి పోటీకి పంపుతారట. పోయినసారి తన క్లాసు అంకిత వెళ్లింది.

"నేను నెల రోజులు చదివితె, గామె పొద్దుగాల ఒక్కసారి సూస్తది. గామె రాసింది సార్ ఫొటో తీసి గ్రూపుల వెడ్తడు. నాది సూసి మంచిగుంది అంటడు, గంతే."

కాగితం మీద రెండు నిలువు గడులు. చనిపోయాక చీమలు కొరికిన గుర్తులు ఒకవైపు, బతికుండగా చర్మం గీసుకుపోయిన గాయాలు ఇంకోవైపు. చెరకు తోటలో పడున్న శవం మీద చీమల గుర్తులు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి. మెడ చుట్టూ ఉంటే ఉరి తాడు ఒరుసుకున్నట్టే కనబడతాయి. పోల్చుకోలేని డాక్టరు లేని హత్యను పుట్టిస్తాడు. చీమకు చక్కెరా మనిషా అన్న పట్టింపు లేదు. ఇన్నేళ్లు ఈ చెరకు సీమలో తిరిగీ నాకది తట్టలేదు.

నేను అడిగాను, ఆమె చెప్పింది. చీమ తడి ఉన్నచోటే వెతుక్కుంటుంది: రెప్పలు, పెదవుల అంచులు, చంకలు. అంచులు వంకరటింకర. బతికున్న ఒంటికి తగిలిన దెబ్బ చుట్టూ ఎరుపు, వాపు వస్తాయి. శవానికి అవి రావు. ఒక్కటీ తప్పలేదు. అంకిత ఆ క్లాసుకు రాలేదట, ఇంట్లో చెరకు కోత. ఈ పట్టిక ఆమె దగ్గర లేదు. చెబుతున్నప్పుడు హుస్నా ముఖంలో మొదటిసారి నిమ్మళం కనిపించింది.

ఎడపల్లిలో అంకితే ఎక్కి మా వెనక సీట్లో కూర్చుంది. కూర్చుంటూనే ముందుకు వంగింది.

"హుస్నా, చీమలది ఉందా నీ తాన? ఇయ్యాల అడుగుతరంటున్నరు."

"లేదు. నేను గూడ రాసుకోలే."

కాగితం నా చేతిలోనే ఉంది. నేను దాన్ని దాచలేదు, ఇవ్వలేదు. నా చూపు చేయి చాచినంత దూరంలో తప్ప ఆనదు, అందుకని ఎప్పటిలాగే దూరంగా పట్టుకుని కూర్చున్నాను.

హుస్నా గొంతు పెంచి విషాల పట్టిక మొదలుపెట్టింది. వెనక సీటుకు వినిపించాలనే, సందేహం లేదు. పురుగుమందు తాగితే కంటిపాప పెద్దదవుతుంది, ఉమ్మెత్త తింటే సూదిమొనంత అవుతుంది, అని గబగబా పోతోంది.

"ఉల్టా చెప్తున్నవ్," అంది అంకిత, మెల్లగానే. "పురుగుమందుకు పాప చిన్నగైతది, చెమట, చొంగ, అంత తడి. ఉమ్మెత్తకు పెద్దగైతది, నోరు, ఒళ్లు పొడి. తడికి చిన్న, పొడికి పెద్ద. గట్ల గుర్తువెట్టుకో."

అవును కదా అనుకున్నాను. వెనకటికి ఇటలీ ఆడవాళ్లు కళ్లు అందంగా కనబడాలని ఒక మొక్క రసం కళ్లలో పిండుకునేవారని ఎక్కడో చదివాను. అది ఉమ్మెత్త చుట్టమే, దానికీ పాపలు పెద్దవవుతాయి. నాలాంటివాడి చదువు ఇలాగే ఉంటుంది, అవసరం తీరాక గుర్తొస్తుంది.

హుస్నా ఆ తప్పు అలాగే పరీక్షలో పలికి ఉంటే పోటీ సంగతి అటుంచి పాసు కావడమే కష్టమయ్యేది. అంకిత తిట్టి ఉంటే తిరిగి తిట్టేది. తప్పు దిద్ది నేర్పిన మనిషిని ఏం చేయాలో ఆమెకు తోచినట్టు లేదు. జానకంపేట దాకా కిటికీ కడ్డీ పట్టుకుని చెరకు లారీలను చూస్తూ కూర్చుంది. ఒకసారి చూపు నా చేతిలోని కాగితం మీదికి వచ్చింది, మళ్లీ కిటికీ బయటికి పోయింది. అంకితకు ఇవ్వమనలేదు.

నిజామాబాదు బస్టాండులో బస్సు ఆగింది. జనం లేస్తుంటే వెనకనుంచి అంకిత గొణుగుడు వినబడింది. రెప్పలు, పెదవుల అంచులు, చంకలు. వంకరటింకర అంచులు. ఎరుపు, వాపు ఉండవు. ఒక్కటీ తప్పలేదు.

హుస్నా గిర్రున తిరిగింది. "నీకెట్ల తెలుసు?"

"తాత దూరం వట్టుకుండు గద," అంది అంకిత. "ఎక్కినప్పటిసంది సదువుతనే ఉన్న."

"మల్ల తెలిసే అడిగినవా?"

"అడిగినంక కనవడ్డది. నువ్వు లేదన్నవ్, నేనేమంట?"

హుస్నా నావైపు చూసింది. నేను కాగితం చాచాను. తీసుకోలేదు. సంచి భుజాన వేసుకుని, దిగేవాళ్లను మోచేతులతో తోసుకుంటూ మెట్లు దిగి, ఆటోల మధ్యనుంచి కాలేజీ వైపు నడిచిపోయింది. వెనక అంకిత "ఆగు, కలిసి పోదాం" అంటూనే ఉంది.