వణకని గీత

నాకు కుదురు లేదని మా అవ్వ ఎప్పుడూ తిట్టేది. అన్నం తింటూ కాలు ఊపేవాణ్ణి, చర్చిలో ప్రార్థన నడుస్తుంటే వేళ్లతో బెంచీ మీద తాళం వేసేవాణ్ణి. బోధన్ దగ్గరి చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరాక ఆ జబ్బే నా పనికొచ్చింది. మిషన్లు తిరుగుతుంటే నేను వాటి చుట్టూ తిరిగేవాణ్ణి. కానీ ఒక్క సీజన్‌లో మాత్రం, మాట్లాడాల్సిన చోట నోరు మూసుకొని కుదురుగా నిలబడ్డాను. తొంభైల నాటి సంగతి అది. ఇప్పటికీ తలచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

చెరకు క్రషింగ్ మొదలయ్యే రోజు ప్రతి మిషన్‌కూ పూజ చేసేవాళ్లు. చెరకును మిల్లులోకి లాక్కెళ్లే క్యారియర్‌కు ఒక పెద్ద గేర్‌బాక్స్ ఉండేది. దానికి నూనె పోసి, మట్టం చూసే ఆయిల్‌మన్ ఎడపల్లి మనిషి. నాకంటే పదేళ్లు పెద్దవాడు, నేను అన్నా అనేవాణ్ణి. ఎన్నో సీజన్ల నుంచి టెంపరరీగానే చేస్తున్నాడు, ఈసారి పర్మినెంట్ చేస్తామని పైనుంచి మాటొచ్చింది. ఆ సంతోషంలో ఆయన పసుపు చిక్కగా కలుపుకొచ్చి, దేవుడి నెత్తికి పెట్టినట్టు గేర్‌బాక్స్‌లో అన్నిటికంటే ఎత్తున ఉన్న దానికి దట్టంగా పట్టించాడు. దాని మీద కుంకుమ, ఆ పైన బంతిపువ్వు.

అన్నిటికంటే ఎత్తున ఉన్నది బ్రీదర్. గేర్‌బాక్స్ లోపలి గాలి వేడెక్కి ఉబ్బినప్పుడు బయటికి పోయేందుకు పెట్టిన చిల్లుల టోపీ. ఆ చిల్లులన్నీ పసుపుతో పూడుకుపోయాయి.

నేను చూశాను. పక్కనే నిలబడి చూశాను. "అన్నా, దానికొద్దు, పక్కన పెట్టు" అనడానికి నోటిదాకా వచ్చింది. కానీ నేను చర్చికి పోయేవాణ్ణి. పూజ రోజు వీడెవడు బొట్టు చెరపమనడానికి అంటారేమో, మంచి రోజున మంట పెట్టాడంటారేమో అనుకున్నాను. రేపు తుడుద్దాంలే అని సర్దిచెప్పుకున్నాను. ఆ రేపు రాలేదు.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం క్యారియర్ కింద నుంచి పోతుంటే చప్పుడు మారినట్టనిపించింది. బరువుగా గురగురమనే గేర్‌బాక్స్ సన్నగా, ఈలలా కూస్తోంది. చెయ్యి ఆనించాను. మామూలుగా కాసేపు ఆనించగలిగే వేడి ఉండేది, ఆ రోజు మూడు లెక్కపెట్టేలోపే తీసేశాను. మోటారు వైపు బేరింగ్ దగ్గర పెయింట్ మాడిన వాసన. షాఫ్ట్ కింద బగాసు, అంటే చెరకు పిప్పి పొట్టు, నల్లగా ముద్దకట్టింది. షాఫ్ట్ చుట్టూ ఉండే రబ్బరు సీల్ గుండా కారిన నూనెనంతా ఆ పొట్టే తాగేస్తే, కారుతున్నట్టు ఎవరికి తెలుస్తుంది?

అన్నను పిలిచాను. ఆయన గేర్‌బాక్స్ పక్కన నూనె మట్టం కనిపించే అద్దం చూసి తేలిగ్గా అన్నాడు. "సగానికున్నది తమ్మీ. పొద్దుగాల సుత సగమే. రోజూ రిజిస్టర్ల రాస్తనే ఉన్న."

ఫోర్‌మన్ సాబ్ కూడా వచ్చాడు. బయట చెరకు బండ్లు రోడ్డు దాకా ఆగి ఉన్నాయి, ఆయన ముఖం చిటపటలాడుతోంది. "వేడెక్కితే నూనె పల్చబడ్డట్టు. గీ మూడొందల ఇరవై నంబరు తీసి జర చిక్కటిది పోయిండ్రి, ఖతం" అన్నాడు.

చిక్కదనమే బలమనుకుంటారు చాలామంది. నూనె మరీ పల్చనైతే గేర్ పళ్ల మధ్య పొర తెగిపోతుంది, నిజమే. మరీ చిక్కనిదైతే బేరింగుల సందుల్లోకి సరిగా పోదు, దాన్ని చిలికీ చిలికీ గేర్‌బాక్స్ ఇంకా వేడెక్కుతుంది. మిషన్ పట్టీ మీద ఏ నంబరు రాసుంటే అదే పొయ్యాలి. అసలు లోపల నూనే లేకపోతే ఏ నంబరు పోసినట్టు?

అద్దం వైపే చూస్తూ కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగాను. అప్పుడు తట్టింది. మిషన్ తిరుగుతుంటే లోపల నూనె చిందుతుంటుంది, అద్దంలో గీత వణుకుతూనే ఉండాలి. ఈ గీత వణకడం లేదు. గోడ మీద గీసినట్టు నిలబడి ఉంది. అది నూనె కాదు. పాత సీజన్ల నూనె అద్దానికి లోపలివైపు పట్టించిన మరక!

ఎవర్నీ అడగకుండా స్టాప్ బటన్ నొక్కేశాను.

"బంద్ జేసినవా? దిమాగ్ ఉన్నదా నీకు?" సాబ్ అరిచాడు. "మిల్లుకు చెరుకు ఎవడు పంపుతడు, నీ అయ్యనా?"

"పది నిమిషాలు సాబ్. నూనె అడుక్కు దిగనీయాలె."

ఆ పది నిమిషాలు నాకు పది గంటలు. తర్వాత పైన నూనె పోసే మూత మెల్లగా వదులు చేస్తే కుక్కర్ విజిల్‌లా గాలి బుస్సుమంది. బ్రీదర్ మీది పసుపు గుర్తొచ్చింది. తీగ ముంచి చూస్తే కొస మాత్రమే తడిసింది. వేడెక్కినప్పుడల్లా, పైకి పోలేని గాలి నూనెను సీల్ గుండా బయటికి నెట్టింది. క్యారియర్ ఆగి చల్లారడం, మళ్లీ నడిచి వేడెక్కడం, రోజూ నూనె కొంచెం కొంచెంగా పోయింది. కింది గేర్ పళ్లకు నూనె అందకపోతే పైకి చిమ్మేదేముంది, పై బేరింగులకు దక్కేదేముంది!

అడుగున డ్రెయిన్ ప్లగ్‌కు అయస్కాంతం ఉంటుంది. ఉన్న కాస్త నూనె డబ్బాలోకి వంపి ప్లగ్ చూశాను. కాటుకలాంటి మెత్తటి ముద్ద ఉంది, ఇనుప పలుకులు లేవు. గేర్లు బతికాయి.

సాబ్ బ్రీదర్ విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు. ఎండిన పసుపు, అందులో అతుక్కున్న బంతి రేకు. "గిది పెట్టిందెవడు?"

"నేనే సాబ్" అన్నాడు అన్న. "గది గాలి తీసేదని నాకెవ్వరు చెప్పలే."

"లెవల్ సగమున్నదని మూడు వారాల సంది రాస్తున్నవు. మరకను చూసి రాసినవా? నీకు పర్మినెంటా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆ తర్వాత మాట దానంతటదే బయటపడింది. "సాబ్, పూజ రోజు నేను చూసిన. అది బ్రీదరని నాకు తెలుసు. నేనే చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

అన్న నా మెడలోని సిలువ వైపు ఒకసారి, నా ముఖం వైపు ఒకసారి చూశాడు. ఆయనకు అర్థమైంది.

"చెప్తే నేను తియ్యకపోదునా తమ్మీ?" అన్నాడు మెల్లగా. "ఇన్నేండ్ల సంది ఒక్క టిఫిన్ డబ్బల తిన్నం. నన్ను గింతేనా అనుకున్నవు?"

సాబ్ తిట్లు ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసేవాణ్ణి. ఈ మాట మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

బ్రీదర్‌ను కిరసనాయిల్లో కడిగి, అద్దం విప్పి తుడిచి, అదే మూడొందల ఇరవై నంబరు నూనె గుర్తుదాకా పోశాం. సాయంత్రానికి గేర్‌బాక్స్ మళ్లీ గురగురమంది. రిజిస్టర్‌లో ఇద్దరి పేర్లూ ఎక్కాయి. నేను పర్మినెంటు కాబట్టి నాకు మెమోతో సరిపోయింది. ఆయనకు ఆ ఏడు పర్మినెంట్ కాలేదు. సీజన్ అయిపోయేదాకా పనికి కావలసినంతే మాట్లాడాడు. నేనూ డబ్బా విప్పుకొని ఒక్కణ్ణే తిన్నాను.

మరుసటి ఏడు పూజ రోజు ఆయన వస్తాడో రాడో అని పొద్దున్నుంచీ గేటు వైపే చూశాను. వచ్చాడు. పసుపు గిన్నె పట్టుకొని తిన్నగా నా ముందు నిలబడ్డాడు.

"ఏడ పెట్టాల్నో నువ్వే చూపియ్యి."

బ్రీదర్ మీద అరచేయి కప్పి, గేర్‌బాక్స్ పక్క భాగం చూపించాను. ఆయన అక్కడ బొట్టు పెట్టాడు. మిగిలిన పసుపును, వెనక్కి తీయబోయిన నా చేతి మీదే రాసి నవ్వాడు. ఆదివారం చర్చిలో చేతులు జోడించినప్పుడు గోళ్ల సందుల్లో ఆ పసుపు ఇంకా ఉంది. నేను దాచుకోలేదు.