పరకాల డీల్ ఎందుకు పోయింది

హనుమకొండలోని ఆ వ్యవసాయ పనిముట్ల ఆఫీసులో స్నేహలతకు జీతమిచ్చేది కోఆర్డినేటర్ పనికి. సోమవారం పొద్దున మాత్రం ఆమె చేసేది చెత్త ఏరే పని. సేల్స్ వాళ్లు వారమంతా వాట్సాప్ గ్రూపులో పోసిన ఎత్తిపొడుపులూ ఏడుపులూ వడగట్టి, చేజారిన ప్రతి డీల్‌కీ రివ్యూ షీటులో నాలుగు మర్యాదైన ముక్కలు రాయాలి. "ఆ సేటు వట్టి పిసినారోడు" అన్నది "ధర దగ్గర ఒప్పందం కుదరలేదు" అవుతుంది. ఆరేళ్లుగా రాస్తోంది, చేయి తిరిగింది. ఆ గర్వమూ కాస్త ఉంది.

ఈ వారం పెద్ద దెబ్బ పరకాలది. అక్కడి రైతు సంఘం కొనాల్సిన పది పవర్ వీడర్లు, పత్తిచేలలో కలుపు తీసే యంత్రాలు, వేరే కంపెనీకి పోయాయి. గ్రూపులో కుర్ర సేల్స్‌మన్ నిఖిల్ రాశాడు: "సదన్న మల్ల నిద్రవోయిండు. ఆయనతోని గాదు." కింద వరసగా నవ్వు బొమ్మలు. పరకాల ఏరియాలో అమ్మకాలు చూసే సదానందానికి యాభై నాలుగేళ్లు. ఆయన తప్పుతో ఇంకో డీల్ పోతే ఆ ఏరియా నిఖిల్‌కు ఇచ్చేస్తానని మేనేజర్ చైతన్య ముందే చెప్పాడు.

స్నేహలత అలవాటుగా "ఫాలో-అప్ లోపం" అని టైప్ చేసింది. తిట్టు పోయింది, భాష శుభ్రంగా ఉంది. అయినా ఆమెకే నచ్చలేదు. నిఖిల్ మాటే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చింది. ఎవరు ఎప్పుడు ఏం చేశారో ఇందులో ఎక్కడుంది?

తేదీల కోసం గ్రూపులో వెనక్కి వెళ్లింది. కొటేషన్ ఇచ్చింది నాలుగున. తొమ్మిదిన, గుడ్ మార్నింగ్ పూలబొమ్మల నడుమ, సదానందం పెట్టిన వాయిస్ మెసేజ్ ఒకటి. అప్పుడు ఆమె విననే లేదు. ఇప్పుడు నొక్కి వింది.

"స్నేహమ్మా, సంఘపోళ్లు డెమో జూపియ్యమంటాండ్రు. శుక్రవారం జర మిషన్ పంపియ్యమ్మా."

డెమో యంత్రం ఏ రోజు ఎక్కడికి పోవాలో లిస్టు రాసేది ఆమే. ఆ శుక్రవారం యంత్రం గోడౌన్‌లోనే ఖాళీగా ఉంది.

సదానందాన్ని పిలిచి అడిగింది. "అన్నా, మల్లొకసారి నాకు ఫోన్ జేయకపోతివా?"

"చెయ్యాల్సిందేనమ్మా. పనుల్ల ఉన్నవేమో అనుకున్న. నా మీదనే ఉండనియ్, నీకెందుకీ లొల్లి?"

"నీ మీద గాదు, నా మీద గాదన్నా. జరిగింది రాస్త."

రాసింది: "నాలుగున కొటేషన్. తొమ్మిదిన కొనుగోలుదారు డెమో కోరారు. సేల్స్ అదే రోజు గ్రూపులో తెలిపారు. కోఆర్డినేటర్ లిస్టులో ఎక్కించలేదు. సేల్స్ మళ్లీ అడగలేదు. డెమో జరగలేదు. పద్నాలుగున, డెమో చూపిన వేరే కంపెనీ దగ్గర కొన్నారు."

చివర ఒక క్షమాపణ చేర్చాలని మనసు లాగింది. చేర్చలేదు.

మధ్యాహ్నం రివ్యూలో చైతన్య ఆ వరుసను రెండుసార్లు చదివాడు. "ఈడ కోఆర్డినేటర్ అంటే..."

"నేనే సార్."

"అయితే పరకాల సదానందం దగ్గర్నే ఉంటది," అన్నాడు చైతన్య. "డెమో లిస్టు ఇయ్యాల్టి నుంచి నిఖిల్ చూస్తడు. అది కూడా షీట్ల రాయండి."

ఆరేళ్లు తన చేతిలో ఉన్న లిస్టు. స్నేహలతకు ఏడుపొచ్చింది, దిగమింగుకుంది. సదానందం తల ఎత్తలేదు. "తదుపరి చర్య" అన్న గడిలో, మిగతా వరుసలు రాసినంత నెమ్మదిగానే, ఆమె రాసింది: "డెమో లిస్టు బాధ్యత నేటి నుంచి నిఖిల్‌ది."