ఇంటిల్లిపాదికీ ఒక వీపీఎన్

మా ఇంట్లో ఒక్కరికి కావలసిన వస్తువు ఆ ఒక్కరికే కొనడం ఎన్నడూ జరగలేదు. అందరికీ పనికిరావాలి. అందరికీ పనికొచ్చేసరికి, ఎవరికి కావలసి వచ్చిందో వాళ్లకు తప్ప మిగిలిన వాళ్లందరికీ పనికొస్తుంది. వీపీఎన్ కొన్నప్పుడు కూడా ఈ పద్ధతిని మేము భక్తిగా పాటించాం.

అసలు అవసరం నాది. నలభై దాటాక పీహెచ్‌డీలో చేరిన మహానుభావురాలిని నేను. రైల్వే క్వార్టర్లలో బతికిన ఆడవాళ్ల గురించి పాత పత్రికలు ఏం రాశాయన్నది నా పరిశోధన. ఆ పత్రికల స్కాన్లన్నీ పరాయి దేశపు లైబ్రరీ ఒకటి తన వెబ్‌సైట్లో ఉచితంగా పెట్టింది. క్యాంపస్‌లో ఆ సైటు చక్కగా తెరుచుకుంటుంది. కానీ క్యాంపస్‌లో ఉన్నంతసేపూ నాకు పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పే పని. చదువుకునే సమయం సాయంత్రం, తార్నాకలో మా ఇంట్లో. అక్కడేమో ఆ సైటు తెరుచుకోదు. తెల్లటి పేజీ వచ్చి అలాగే నిలబడిపోతుంది. ఫోన్ డేటాతో ప్రయత్నించాను. మా ఇంట్లో వంటగది కిటికీ దగ్గర తప్ప సిగ్నల్ రాదు. అక్కడ స్టవ్ పక్కన నిలబడి చదివితే ఒక్కో పేజీ దిగేలోపు పప్పు ఉడికిపోతోంది. ఇక పొడిగించేది లేదని యూనివర్సిటీ చెప్పి ఇచ్చిన ఆఖరి గడువులో నాకు మిగిలింది మూడు నెలలు. ఈలోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అన్నేళ్ల పనీ అటక మీదికి.

బ్రాడ్‌బ్యాండ్ కంపెనీకి ఫోన్ చేస్తే రౌటర్ ఆపి మళ్లీ వేయమన్నారు. వేశాను. మళ్లీ చేస్తే మళ్లీ వేయమన్నారు. వాళ్ల దగ్గర ఉన్న మందు అదొక్కటే అని అర్థమైంది.

చివరికి క్యాంటీన్‌లో చాయ్ తాగుతూ కంప్యూటర్ సైన్సులో పాఠాలు చెప్పే నా స్నేహితురాలికి మొర పెట్టుకున్నాను.

"మీ కంపెనీ ఎన్నో ఇండ్లకు కలిపి బయటికి ఒక్కటే అడ్రస్ చూపిస్తది" అంది ఆమె. "అపార్ట్‌మెంట్‌కు ఒక్కటే గేటు ఉన్నట్టు. అండ్ల ఎవడో ఆ సైటును సతాయించిండు. వాళ్లు ఆ అడ్రస్‌నే బంద్ పెట్టిన్రు. నువ్వేం చెయ్యకున్నా నువ్వు గూడ బంద్."

"మరి నేనేం చెయ్యాలె?"

"ఒక వీపీఎన్ తీసుకో. నువ్వు దాని సర్వర్ మీదికెళ్లి పోతవు. సైటుకు మీ ఇంటి అడ్రస్ కాదు, ఆ సర్వర్ అడ్రస్ కనిపిస్తది. ఒక సర్వర్‌తోని కాకుంటే ఇంకోటి మార్చి చూడు. నీది ఒక్క ల్యాప్‌టాప్, మూడు నెలల పని. నెలనెలా కట్టేది చాలు. ఇంక వేరే ఏం ఆలోచించకు."

ఈ మాట విని తిన్నగా ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిచి ఉంటే కథ అక్కడే అయిపోయేది. నేను రాత్రి అన్నాల దగ్గర అందరి ముందూ చెప్పాను.

మా ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో స్టోర్స్ ఆఫీసులో పనిచేస్తారు. మూడు కొటేషన్లు లేకుండా అక్కడ బోల్టు కూడా కొనరు. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. మిక్సీకి మూడు కొటేషన్లు, పరుపుకి మూడు కొటేషన్లు. వీపీఎన్ అనగానే ఆయన కళ్లు మెరిశాయి. మర్నాడు సాయంత్రానికల్లా మూడు కంపెనీల ప్లాన్లు పక్కపక్కన పెట్టి కుటుంబాన్ని సమావేశపరిచారు.

మొదటి దాంట్లో ఎన్ని పరికరాలైనా వాడుకోవచ్చు, కానీ రౌటర్‌లో పెట్టుకునే వీలు లేదు. రెండో దాంట్లో ఒకేసారి ఐదు పరికరాలు, రౌటర్‌కూ పనికొస్తుంది. మూడోది కూడా అలాంటిదే, కానీ ఖరీదెక్కువ. ఏది తీసుకున్నా నెలనెలా కడితే ఎక్కువ, ఏడాదికి ఒకేసారి కడితే నెలకు పడేది సగం కన్నా తక్కువ.

"నాకు మూడు నెలలకే కావాలె" అన్నాను.

"మూడు నెలలకు ఇచ్చే పైసలకు ఇంకొంచెం కలిపితే ఏడాది వస్తది. అందరం వాడుకుంటం" అన్నారు మా ఆయన.

ఏడాది ప్లాన్‌లో నెలకు ఎంత పడుతుందో పెద్ద అక్షరాల్లో ఉంది. ఇప్పుడే మొత్తం కట్టాలన్నది చిన్న అక్షరాల్లో ఉంది. వచ్చే ఏడాది దానంతటదే రెన్యువల్ అవుతుందని, అప్పుడు ధర పెరుగుతుందని ఇంకా చిన్న అక్షరాల్లో ఉంది. అది చూపిస్తే "అప్పుడు చూద్దాం తియ్" అన్నారు. ముప్పై రోజుల్లోగా నచ్చకపోతే డబ్బు వాపసు అన్న వాక్యాన్ని మాత్రం నేను మనసులో పెట్టుకున్నాను.

ఆ పైన పరికరాల లెక్క. మేము ఐదుగురం. మా అత్తమ్మ, మేమిద్దరం, డిగ్రీ చదివే అమ్మాయి, ఇంటర్ చదివే అబ్బాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ, ట్యాబ్ అన్నీ కలిపితే మనుషులకు రెట్టింపున్నాయి. ప్లాన్‌లో ఉన్నవి ఐదు.

"రౌటర్‌ల వేస్తే రౌటర్ ఒక్కటే లెక్క, డాడీ" అన్నాడు మా వాడు. "దాని కింద ఎన్నున్నా పర్వాలే."

మా ఆయన మొహంలో అంత వెలుగు మా పెళ్లినాడు కూడా చూడలేదు. ఒక్క టికెట్టు మీద రైలంతా ఎక్కించవచ్చని తెలిసిన రైల్వే ఉద్యోగి ఆనందం అది. రెండో కొటేషన్ ఖరారైంది. బ్రాడ్‌బ్యాండ్ కంపెనీవాడు ఇచ్చిన రౌటర్ డబ్బాలో వీపీఎన్ పెట్టే వీలే లేదని తేలితే, తార్నాక చౌరస్తా దగ్గర కొత్త రౌటర్ కొన్నారు. మా వాడు వీడియోలు చూసి దాన్ని పాత డబ్బాకు తగిలించి, సింగపూర్ సర్వర్ వివరాలన్నీ ఎక్కించాడు. ఖాతా నా ఈమెయిల్‌తో తెరిచారు. ఆయన ఈమెయిల్ ఇస్తే ప్రకటనలు వస్తాయట. కార్డు మాత్రం ఆయనది. ఇంటిపెద్ద కదా.

ఆ సాయంత్రం నా సైటు తెరుచుకుంది.

నేను ఆ ఆనందం దాచుకోను. లాలాగూడలో రైలింజన్లో బొగ్గు వేసే ఒక ఫైర్‌మన్ భార్య, క్వార్టర్ ఖాళీ చేయమన్న అధికారి ముందు బిందెతో అడ్డంగా కూర్చుందన్న చిన్న వార్త కంటబడింది. ఎన్నాళ్లుగానో నా మూడో అధ్యాయానికి లేనిది ఆ మనిషే. నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. పేజీ కిందికి జరుపుతున్నాను.

"ఏందిరా ఇది?" హాల్లోంచి మా అత్తమ్మ కేక వేసింది. ఆమె సీరియల్ రావలసిన చోట, ఈ కార్యక్రమం మీ దేశంలో అందుబాటులో లేదని టీవీ చెబుతోంది. "నా దేశమేంది? నేను తార్నాక దాటి ఎటు పోయిన?"

రౌటర్ వెనకున్నవన్నీ ఇప్పుడు సింగపూర్‌లో ఉన్నట్టే మరి. కరెంటు బిల్లు కడదామని మా ఆయన ఫోన్ తీస్తే, యాప్ కట్టనివ్వలేదు. అమ్మాయి వీడియో క్లాసు ఆగి ఆగి నడిచింది, అందరి డేటాకూ పోయేటప్పుడు తాళం వేసి వచ్చేటప్పుడు తీయడం ఆ చిన్న రౌటర్ వల్ల కావడం లేదని మా వాడు తీర్పు ఇచ్చాడు. టీవీ ఒక్కదాన్నీ పక్కకు తప్పించవచ్చా అంటే, ఈ మోడల్‌లో ఆ సౌకర్యం లేదన్నాడు. నలుగురూ కలిసి రౌటర్‌లో వీపీఎన్ తీసేయాలని తీర్మానించారు. ఫైర్‌మన్ భార్య సగం వాక్యంలో ఆగిపోయింది.

"ఏం కాదు, పరికరానికొకటి యాప్ వేసుకుందాం. ఐదున్నయి, ఐదుగురమున్నం" అన్నారు మా ఆయన. ఇంతకన్నా న్యాయం ఎక్కడుంటుంది? ఆయన ఫోన్‌లో ఒకటి, సేఫ్టీ కోసం. అబ్బాయి ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఆటల కోసం. అమ్మాయి ఫోన్‌లో ఒకటి, ఎందుకని అడగకూడదట. అత్తమ్మ భజనలు వినే ట్యాబ్‌లో ఒకటి, ఆమెను తక్కువ చేసినట్టు ఉండకూడదని. నాకు ఒకటి. ఎవరూ ఆన్ చేయడం మర్చిపోకుండా, దానంతటదే కనెక్ట్ అయ్యేటట్టు మా వాడు అన్నింట్లో పెట్టాడు.

ఆదివారం మెట్టుగూడ నుంచి మా ఆడబిడ్డ వచ్చింది. మా ఆయన చెల్లెలికి చాయ్‌తో పాటు పాస్‌వర్డ్ కూడా ఇచ్చారు.

"ఇంట్ల మనిషే గదా" అన్నారు, నేను చూసిన చూపుకి.

పాస్‌వర్డ్ అడిగితే లేదనడం మా వైపు అన్నం అడిగితే లేదన్నంత పాపం. సోమవారం సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిచి కనెక్ట్ నొక్కితే, పరికరాల పరిమితి నిండిపోయింది, ఏదైనా ఒకటి తీసేసి రమ్మంది యాప్. నేను టికెట్ కలెక్టర్‌లా ఇల్లంతా తిరిగాను. అబ్బాయి ఆట మధ్యలో ఉన్నాడు, ఇప్పుడు తీస్తే ఓడిపోతాడట. అమ్మాయి తలుపు తీయలేదు. మా ఆయన "ఆగు, తీస్త" అని తీయలేదు. అత్తమ్మ ట్యాబ్ అల్మారాలో చీరల మధ్య చార్జింగ్‌లో ఉండి, ఎవరూ వినకపోయినా సింగపూర్‌తో చక్కగా కలిసి ఉంది. ఆమెను అడిగి దాన్ని ఆపాను. వెనక్కి వచ్చి నొక్కేలోపు, అప్పటికే ఎక్కి ఉన్న ఆడబిడ్డ ఫోన్ చాలదన్నట్టు, ఆ ఖాళీలోకి మెట్టుగూడ టీవీ కూడా ఎక్కేసింది.

మంచం మీద కూర్చుని నొక్కితే, పరిమితి నిండిపోయిందని మళ్లీ ఎర్ర అక్షరాల్లో వచ్చింది. నా కోసం కొన్న దాంట్లో నేనొక్కదాన్నే లేను. తర్వాత ముప్పై రోజుల మాట గుర్తొచ్చింది.

ఖాతా నా ఈమెయిల్‌తోనే ఉంది కదా. కంపెనీ సహాయం విభాగానికి రాసి, ఏడాది ప్లాన్ రద్దు చేసి డబ్బు వాపసు ఇమ్మన్నాను. కారణం ఎంచుకోమని నాలుగు ఇచ్చారు. వేగం తక్కువ, ధర ఎక్కువ, సాంకేతిక ఇబ్బంది, ఇతరం. ఇతరం నొక్కాను. వేరే ఈమెయిల్‌తో, నా కార్డు మీద, నెలనెలా కట్టే ప్లాన్ తీసుకున్నాను. దాంట్లోనూ ఐదు పరికరాలకు వీలుంది. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పలేదు.

వీపీఎన్ పోయిందని ఇంట్లో ఎవరూ గమనించలేదు. సేఫ్టీ లేకుండానే మా ఆయన హాయిగా ఉన్నారు. భజనలు యథాతథంగా సాగాయి. మెట్టుగూడ నుంచి మాత్రం రెండుసార్లు ఫోన్ వచ్చింది. ఆ వారం చివర్లో బ్యాంకు మెసేజ్ చూసి మా ఆయన నా దగ్గరికొచ్చారు.

"రిఫండ్ పడ్డదేంది?"

"ఏడాదిది క్యాన్సిల్ చేసిన. నెలది తీసుకున్న, నా కార్డు మీద."

"నెలదా? పాగల్ అయినవా? ఏడాదికి లెక్కేస్తే ఎంతయితదో చూసినవా?"

"ఏడాది నాకెందుకు? మూడు నెలలల్ల అయిపోతది."

ఆయన ఫోన్ లోంచి తలెత్తారు. వెటకారం లేదు, కోపం లేదు. నిజంగా తెలియక అడిగారు.

"ఏం అయిపోతది?"

మూడు కొటేషన్లూ చిన్న అక్షరాలతో సహా చదివిన మనిషి. నాకు నవ్వు రాలేదు. బాధగా ఉంది, చాలా బాధగా ఉంది. "ఏం లేదులెండి" అని గదిలోకి వెళ్లి తలుపు గడియ వేసుకున్నాను. కనెక్ట్ నొక్కి, సగంలో ఆగిన వాక్యం దగ్గర నుంచి చదవడం మొదలుపెట్టాను.