రెండు వైర్ల మధ్య ఉబ్బిన పవర్ బ్యాంకు

ఇంతవరకు నన్ను ఎవరూ అడగలేదు. షెడ్డులో ఉన్నవాళ్లందరినీ అడిగారు. ఆ పూట నూలు దింపడానికి వచ్చిన ఆటో అతన్ని కూడా ఏం జరిగిందని అడిగారు. పవర్ బ్యాంకు నాది. దాన్ని చేతుల్లో పట్టుకుని బయటికి మోసింది నేను. వేడెక్కుతోందని అంతకుముందు నుంచీ మొత్తుకున్నదీ నేనే. నన్ను మాత్రం అడగకుండానే తప్పు నాదని తేల్చేశారు. అందుకే ఎవరూ అడగకపోయినా రాస్తున్నాను.

నేను సిరిసిల్లలో సాంచాలు నడుపుతాను. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటాం, షెడ్డు యజమానిని ఆసామి అంటాం. మా ఆసామి షెడ్డులో పగటి పూట నలుగురం పనిచేసేవాళ్లం. సాంచాలు నడుస్తుంటే పక్కన మనిషి అరిచినా వినపడదు. ఇంటి నుంచి ఫోను వస్తే చొక్కా జేబులో వణుకును బట్టి తెలుసుకోవాలి. అందుకే ఎవరి ఫోనూ ఆరిపోకూడదు. అయితే ఫోన్లు పెట్టుకోవడానికి ఆసామి ఇచ్చింది ఒకే ఒక్క ప్లగ్గు. ఒకప్పుడు ఎక్స్‌టెన్షన్ బోర్డు ఉండేది. దాంట్లో నిప్పురవ్వలు లేచాయని పీకేసి, మళ్లీ బోర్డు కనిపిస్తే ఊరుకోనన్నాడు. ఆ ఒక్క ప్లగ్గు కోసం పొద్దున్నే నలుగురికీ కొట్లాట. అందరికంటే ముందు వచ్చేది మామ. వరసకు నాకేమీ కాడు, వయసులో పెద్దవాడు కాబట్టి మామా అనేవాళ్లం. ఆయన తన ఫోను పెట్టాడంటే మధ్యాహ్నం దాకా తీసేవాడు కాదు. ఒకసారి మా అవ్వను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు నా ఫోను ఆరిపోతే, రెండు నిమిషాలు నాది పెట్టనివ్వమని బతిమాలాను. వినపడనట్టు నూలు చుట్టిన కండెలు సర్దుకుంటూ పోయాడు. నాకు గుర్తుంది.

ఈ కొట్లాట ఆపాలని పవర్ బ్యాంకు కొన్నది నేను. ఎవరి దగ్గరా చందా తీసుకోలేదు. కరీంనగర్‌లో బస్టాండు దగ్గరి ఒక మొబైల్ దుకాణంలో కొన్నాను. కొనేముందు దుకాణాయనకు విషయమంతా విప్పి చెప్పాను. ఒక్కటే ప్లగ్గు ఉంది, దాంట్లో దీని చార్జరు రోజంతా పెట్టి ఉంచుతాం, దీనికున్న రెండు రంధ్రాల నుంచి రెండు ఫోన్లకు ఇస్తాం, ఇది ఎక్కుతూనే ఫోన్లకు ఎక్కిస్తుందా, అట్లా పెడితే చెడిపోదు కదా అని అడిగాను. ఆయన పక్కనున్న ఇంకో గిరాకీకి చాయ్ అందిస్తూ, నా వైపు చూడకుండానే చెప్పాడు.

"రెండూ ఒక్కసారే అయితయన్నా. ఫికర్ చెయ్యకు."

నాకు చాయ్ ఇవ్వలేదు. అది వేరే సంగతి. ఆ మాట మాత్రం గుర్తుపెట్టుకోండి.

షెడ్డులో ప్లగ్గు పక్కన ఒక చెక్క అల్మారు ఉండేది, దాని పైఅరలో పెట్టాను. కింది అరల్లో నేసిన బట్ట తాన్లు. పాత ఫోనుదొకటి చిన్న చార్జరు ఉంటే దాన్నే ప్లగ్గుకు పెట్టాం. పొద్దున సాంచాలు మొదలుపెట్టగానే ఇద్దరి ఫోన్లు దానికి తగిలించేవాళ్లు, అవి నిండితే మిగతా ఇద్దరివి. అల్మారు పక్కన ఎప్పుడూ రెండు తెల్ల వైర్లు వేలాడుతుండేవి. కొట్లాట ఆగింది. బాగుందని ఒక్కరూ అనలేదు.

వేడి సంగతి మొదట పట్టుకున్నది నేనే. మధ్యాహ్నం అన్నం తిని వచ్చి నా ఫోను తీసుకోబోతే పవర్ బ్యాంకు అరచేతికి చురుక్కుమంది. పైన రేకుల కప్పు, ఎండాకాలం, దాని మీద దూది నూగు మందంగా పేరుకుని ఉంది. నూగు తుడిచేశాను. మరునాడూ అంతే వేడి. ఇంకొకటి కూడా గమనించాను. పొద్దంతా ప్లగ్గుకే ఉన్నా, రెండు ఫోన్లు తాగుతున్నంతసేపు దాని మీద లైట్లు పెరగకపోగా ఒకటి తగ్గేది. ఫోన్లు నిండిన తరువాత నాలుగూ వెలిగి, సాయంత్రం దాకా అలాగే ఉండేవి. మళ్లీ ఎవరో ఒకరు ఫోను తగిలించేవారు.

ఒక్క ఫోనే పెడదాం, కాసేపు ప్లగ్గు నుంచి తీసి చల్లారనిద్దాం అన్నాను. మామ ఫోనులో సీరియలు చూస్తూ, వైరు పీకకుండానే, మిగతా ఇద్దరికీ వినపడేలా అన్నాడు.

"మా అల్లుడు కరెంటాఫీసు సారయిండురా. ఇగ మనకు కోతలు పెడ్తడు."

ఇద్దరూ నవ్వారు. అప్పటి నుంచి నన్ను కరెంటు సారూ అని పిలవడం మొదలుపెట్టారు. ఆసామితో చెప్పాను. ఫోనుకు పెట్టిన చార్జరు మాత్రం వేడెక్కదా అని ఆయన బట్ట మడతలు చూసుకుంటూ పోయాడు. డబ్బా మీద ఉన్న కంపెనీ నంబరుకు చేశాను. పాట వినిపించి కట్టయింది. మళ్లీ చేశాను. మళ్లీ పాటే. ఇంతమందికి చెప్పిన మనిషిని తరువాత అందరూ కలిసి నీకు తెలియదా అని దెప్పారంటే నాకు మండదా?

వానాకాలం మొదట్లో ఒకరోజు పొద్దున నూగు తుడుద్దామని దాన్ని కదిపితే, అరమీద అటూ ఇటూ ఊగింది. బల్లపరుపుగా ఉండాల్సింది కడుపు ఉబ్బినట్టయి, అంచున పైమూత లేచి సందు కనిపిస్తోంది. అప్పటికే రెండు ఫోన్లు దానికి తగిలించి ఉన్నాయి. ప్లగ్గు స్విచ్ ఆపి, మూడు వైర్లూ పీకి, అదమకుండా రెండు చేతుల్లో పట్టుకుని వాకిట్లో ఇసుక కుప్ప దగ్గరికి తీసుకుపోయి పెట్టాను. ఏదో తియ్యటి, ముక్కుకెక్కే వాసన వచ్చింది. పొగ రాలేదు, మంట రాలేదు. రాకముందే తీశాను. ఆ మాట కూడా ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

సాంచాలు ఆపి అందరూ బయటికి వచ్చారు. ఆసామి వచ్చాడు. దాన్ని దూరం నుంచి చూసి, అల్మారులోని తాన్ల వైపు చూసి, తెల్లబోయాడు.

"గిది పేలితే షెడ్డంత బూడిదైతుండె. ఎవడు తెమ్మన్నడు నిన్ను గిది?"

మామ ఫోను ఆ పొద్దున కూడా దానికే ఉంది. ఆయన ఫోను జేబులో వేసుకుని ఆకాశం వైపు చూస్తున్నాడు. మిగతా ఇద్దరూ, వాళ్ల ఫోన్లు దాని మీదే బతికాయి, తమ సాంచాల దగ్గరికి తిరిగిపోయారు. ఆసామి చివరికి నాకొక షరతు పెట్టాడు. సామానే ఖరాబుదని అమ్మిన దుకాణాయనతో ఒప్పించి, ఆయనతో ఫోను చేయించి చెప్పించాలి. అప్పుడు నా సాంచాలు నాకుంటాయి. లేకుంటే అందరి ముందు తప్పు నాదేనని ఒప్పుకోవాలి. రెండూ కాకపోతే వేరే షెడ్డు చూసుకోవాలి.

ఆ ఉబ్బినదాన్ని ఒక ఇనుప డబ్బాలో ఇసుక పోసి, అందులో పెట్టి, బస్సు ఎక్కించడానికి భయపడి, తెలిసినవాళ్ల బండి అడుక్కుని కరీంనగర్ పోయాను. దుకాణాయన డబ్బాలోకి చూడగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎట్లా వాడావని అడిగాడు. ఆయనకు మొదట చెప్పిందే మళ్లీ చెప్పాను. విని తల అడ్డంగా ఊపాడు. సామాను ఖరాబుది కాదు, వాడకం తప్పు అన్నాడు.

ఈసారి మాత్రం వివరంగా చెప్పాడు. అంత వివరం తెలిసిన మనిషి కొన్నరోజు ఎందుకు చెప్పలేదో మీరే ఆలోచించండి. లోపలి బ్యాటరీ సెల్లుకు కావలసిన వోల్టేజీ వేరు, ఫోనుకు ఇవ్వాల్సింది వేరు. ప్లగ్గు నుంచి వచ్చింది సెల్లులోకి పోవాలంటే లోపలి సర్క్యూటు దాన్ని తగ్గించాలి. సెల్లు నుంచి ఫోనుకు పోవాలంటే మళ్లీ పెంచాలి. ఆ రెండు పనుల్లోనూ కొంత కరెంటు వేడిగా పోతుంది. విడివిడిగా చేస్తే తట్టుకుంటుంది. రెండూ ఒకేసారి, పొద్దంతా, మూసిన ప్లాస్టిక్ డబ్బాలో జరిగితే ఆ వేడి సెల్లుకే ఎక్కుతుంది. మా చిన్న చార్జరు ఇచ్చేది రెండు ఫోన్లకు చాలదు, కాబట్టి సెల్లు నుంచి కూడా పోయేది. లైటు తగ్గింది అందుకే. ఫోన్లు నిండాక సెల్లు నిండుగా, వేడిగా గంటల తరబడి ఉండేది. సెల్లుకు అంతకంటే చెడ్డది లేదట. నిండిన చార్జి కాస్త దిగడం, మళ్లీ నిండడం, మళ్లీ దిగడం. అట్లా లోపలి మందు చెడి గ్యాసు పుడుతుంది, సెల్లు ఉబ్బుతుంది. కొన్ని పవర్ బ్యాంకుల్లో ప్లగ్గు కరెంటు సెల్లును ముట్టకుండా నేరుగా ఫోనుకు పోయే దారి ఉంటుందట. నాదాంట్లో లేదు. ఉన్నా వేడి తప్పదన్నాడు.

"రాత్రి దాన్ని నింపుకోవాలె. పొద్దున ప్లగ్గుల నుంచి తీసి ఫోన్లకు పెట్టుకోవాలె. రెండు ఒక్కసారి పెట్టొద్దన్నా."

రెండూ ఒక్కసారే అవుతాయని నువ్వే అన్నావు కదా అన్నాను. అవుతాయనే అన్నా, రోజంతా అట్లా పెట్టమన్నానా అని ఎదురు ప్రశ్న వేశాడు. రోజంతా పెడతామని నేను చెప్పినప్పుడు నీ చెవులు ఎక్కడున్నాయని అడిగాను. దుకాణంలో ఉన్నవాళ్లు మా ఇద్దరి వైపూ చూస్తున్నారు. కనీసం ఆ మాటొక్కటి మా ఆసామికి ఫోనులో చెప్పు, కొనేరోజు ఈయన అడిగాడు, నేను అవుతుందన్నాను అని చెప్పు, నాకింకేమీ వద్దన్నాను. ఆసామి నంబరు నొక్కి నా ఫోను ఆయన చేతికివ్వబోయాను. పట్టుకోలేదు. అటు ఆసామి హలో హలో అంటున్నాడు. ఆయన ఇంకో గిరాకీకి స్క్రీను అంటించడం మొదలుపెట్టాడు. పాత బ్యాటరీలు తీసుకునేచోట ఇవ్వు, చెత్తలో మాత్రం వెయ్యకు అని తల ఎత్తకుండా చెప్పాడు. ఇచ్చే వచ్చాను.

మరునాడు ఆసామి ముందు నిలబడ్డాను. దుకాణాయన చెప్పింది దాచకుండా చెప్పాను, వాడకమే తప్పన్నాడని కూడా చెప్పాను. అయితే ఆ వాడకం నలుగురిది, ఇచ్చింది ఒక్క ప్లగ్గు, అమ్మినవాడు అవుతుందన్నాడు, వేడెక్కుతోందని చెప్పింది నేనొక్కణ్ని అన్నాను. ఆసామి అదంతా తనకొద్దన్నాడు.

"నా తప్పే అను. సాంచాలు నడుపుకో. ఒక్క మాటకు గింత పరేషాన్ ఎందుకు?"

మామ కూడా అనెయ్యరాదు అల్లుడా అన్నాడు. ఆ నోటితోనే నేను కూడా వాడిన అని ఒక్కసారి ఆయన అని ఉంటే, నేనూ అనేవాణ్నేమో. ఆయన అనలేదు. నేనూ అనలేదు. చెప్పులు వేసుకుని బయటికి వచ్చాను.

ఇప్పుడు ఊరి అవతలి కొసన ఇంకొకాయన షెడ్డులో పనిచేస్తున్నాను. పాత సాంచాలు, మాటిమాటికి పోగులు తెగుతాయి. నా ఫోను ఇంట్లోనే నింపుకుని పోతాను. పాత షెడ్డులో ఆసామి ఇప్పుడు గోడకు వరుసగా నాలుగు ప్లగ్గులు పెట్టించాడని, మామ ఫోను మొదటిదానికి ఉంటోందని విన్నాను. ఆ నాలుగు ప్లగ్గులు ముందే ఉంటే నేను కరీంనగర్ ఎందుకు పోతాను?

దుకాణాయన మీద నాకు కసి ఉంది, దాచను. పవర్ బ్యాంకు చేసిన కంపెనీ మీదా ఉంది. అది ఎక్కుతూ ఎక్కించగలదని ఆ దుకాణాయనకు తెలుసు. అట్లా పెడితే ఉబ్బుతుందనీ తెలుసు. నేను రెండూ అడిగాను, ఆయన చెప్పింది మొదటి సంగతొక్కటే. ఎందుకు? దుకాణాయనా, మీ దుకాణంలో, మీ ముందు నిలబడి, నోరు తెరిచి అడిగాను. ఆ రోజు ఎందుకు చెప్పలేదు? కంపెనీవాళ్లు పాటలు వినిపించకండి, మీరు ఇంకో గిరాకీ వైపు తిరగకండి. నాకు జవాబు చెప్పండి.