గంజప్పకు పెట్టిన శీర్షిక

ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం వాళ్ల మీద, సగం నా మీద.

అప్పట్లో నేను వనపర్తిలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఇంటికి కంప్యూటరు, బ్రాడ్‌బ్యాండు వచ్చి ఏడాది కూడా కాలేదు. బడి నుంచి వచ్చి, సాయంత్రం పని ముగించుకుని, ముందు గదిలో కూర్చుని వంటల బ్లాగు రాసేదాన్ని. మా ఆయన దాన్ని నా పిచ్చి అనేవాడు. అననీ. తెలుగులో రాసే వంటల బ్లాగుల్లో పులిహోర, గోంగూర, ఆవకాయ తప్ప మరొకటి కనిపించకపోయేసరికి నాకు చిర్రెత్తుకొచ్చింది. మా పాలమూరు వాళ్లం ఏమైనా గడ్డి తిని పెరిగామా? ఆ కోపంలోనే మొదలుపెట్టాను.

ఒకరోజు బియ్యప్పిండి రొట్టె గురించి రాద్దామనుకున్నాను. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, ఉల్లికాడలు, వెల్లుల్లి, కారం వేసి కలిపి, గిన్నె లోపల నూనె రాసి, దాని గోడలకు పల్చగా అద్ది కాలుస్తారు చూడండి, అది. రాజోలిలో మా పుట్టింట్లో దాన్ని గిన్నెరొట్టె అనేవాళ్లం. వనపర్తిలో అత్తగారింట్లో తపాలచెక్క. టీవీ వంటల కార్యక్రమాల్లో సర్వపిండి. సర్వ అన్నా తపాల అన్నా గిన్నే, మూడు పేర్లలోనూ ముందున్నది వండే పాత్రే. కొలతలు సరిచూసుకుందామని రాజోలికి, మా అమ్మకు ఫోన్ చేశాను.

అమ్మ కొలతలన్నీ చెప్పింది. ఉల్లికాడలు ఎక్కువ పడాలంది. వేలితో బొక్కలు పెట్టి, ఆ బొక్కల్లో నూనె చుక్కలు వెయ్యాలంది. అంతా అయ్యాక, పెట్టేస్తాననగా, ఆగి అడిగింది.

"దాని మీద పేరేమని రాస్తవు బిడ్డా?"

"గిన్నెరొట్టె అని రాస్త."

"గంజప్ప అని రాయి."

మా అమ్మ నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. నాకప్పటికి ముప్ఫై నాలుగేళ్లు.

గంజప్ప ఎవరి మాట అని అడిగితే చెప్పింది. అమ్మ పుట్టింది నాగర్‌కర్నూలు వైపు, లింగాల దగ్గర. వాళ్లింట్లో వంట పాత్రను గంజు అంటారు, అందులో కాల్చింది గంజప్ప. పెళ్లై రాజోలికి వచ్చిన మొదటి నెలలో ఒకరోజు అదే కాల్చి, "గంజప్ప అయింది, తిందురు రాండ్రి" అని పిలిచిందట. పొలం నుంచి వచ్చిన మగవాళ్లంతా పగలబడి నవ్వారట. మా నాయనమ్మ మాత్రం నవ్వలేదట. "మా ఇంట్ల గిన్నెరొట్టె అంటరు. నీ తల్లిగారి మాటలు గడప అవతల్నే ఇడ్సిపెట్టు" అన్నదట. అమ్మ విడిచిపెట్టింది. ఆ గంజప్పనే నలభై ఏళ్లు కాల్చింది, పేరు మాత్రం నోట రానివ్వలేదు. పిల్లలమైన మాతో కూడా అనలేదు.

"అవ్వ చచ్చిపోయి పదేండ్లాయె గదమ్మా. ఇంకేంది భయం?" అన్నాను.

"భయం గాదు. అలవాటు వోయింది. నువ్వు రాస్తే మళ్ల వస్తదేమో."

రాస్తానని మాటిచ్చాను. అమ్మ నన్ను అంతకుముందు ఏదైనా అడిగిన గుర్తు లేదు.

ఇక్కడ బ్లాగుల సంగతి ఒకటి చెప్పాలి. శీర్షికగా ఇంగ్లీషు అక్షరాల్లో ఏది కొట్టి మొదటిసారి అచ్చు వేస్తామో, ఆ అక్షరాలతోనే ఆ పేజీకి చిరునామా తయారవుతుంది. తెలుగులో కొడితే చిరునామాకు పేరే ఉండదు, ఉత్త నంబరు పడుతుంది. అందుకని మేమంతా ఒక ఉపాయం చేసేవాళ్లం. ముందు ఇంగ్లీషు అక్షరాల్లో శీర్షిక పెట్టి పోస్టు వేసి, చిరునామా పడ్డాక శీర్షికను తెలుగులోకి మార్చేవాళ్లం. శీర్షిక ఎన్నిసార్లైనా మారుతుంది. చిరునామా ఒకసారి పడిందంటే ఇక మారదు.

ఆ రోజు నేను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది సర్వపిండి. వెతికేవాళ్లు ఆ పేరుతోనే వెతుకుతారని. ఆ తర్వాత పైన తెలుగులో గంజప్ప అని మార్చి, చిరునామా ఎవరు చూస్తారులే అనుకున్నాను. మాట తప్పడం అక్కడే మొదలైంది.

మర్నాటి నుంచి కామెంట్లు కురిశాయి. వరంగల్ ఆయనొకడు, దీని అసలు పేరు సర్వపిండి, తెలియకపోతే తెలుసుకుని రాయాలి అన్నాడు. కరీంనగర్ ఆయన, గిన్నప్ప అన్నాడు. నల్గొండ ఆవిడ, తపాలచెక్క మాదే, మీరు మా దగ్గర్నుంచే నేర్చుకున్నారు అంది. ఆ ముగ్గురూ నా గోడ మీదెక్కి తన్నుకున్నారు. అంతా కలిసి ఒక్క విషయంలో మాత్రం ఒక్కటయ్యారు. గంజప్ప అనే పేరే లేదట. ఒకాయనైతే, "పాలమూరు వాళ్లకు వంట పేర్లు కూడా సరిగా రావు" అని రాశాడు. ఆయన జన్మలో గంజు కడిగి ఉంటాడా అని నా అనుమానం.

నలభై ఎనిమిది కామెంట్లలో వంట చేసి రాసింది ఒక్కరే. "మొదటిది బాగా వచ్చింది, రెండోది అద్దుతుంటే చెయ్యి కాలింది, పిండి అంటుకోలేదు, ఏం చెయ్యాలి?" అని ఒకామె అడిగింది. మొదటిది తీశాక గిన్నెను బోర్లించి వీపు మీద నీళ్లు పొయ్యాలి, చల్లారాకే రెండోది అద్దాలి అని జవాబిచ్చాను. మళ్లీ వచ్చి, వచ్చిందండీ అని రాసింది. ఆ రెండు ముక్కలు చదివితే కడుపు నిండింది.

తర్వాత హైదరాబాదు నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. తెలుగు బ్లాగుల్లోంచి తెలంగాణ వంటలు ఏరి పుస్తకం వేస్తున్నారట. నా పోస్టు నచ్చిందట. "ఒక్కటే మనవి. శీర్షిక సర్వపిండి అని ఉంచండి. గంజప్ప అంటే ఎవరికీ తెలియదు. కావాలంటే చివర్లో 'కొన్ని ప్రాంతాల్లో వేరే పేర్లు కూడా ఉన్నాయి' అని ఒక వాక్యం వేద్దాం" అంది. ఎంత మర్యాదగా రాసిందో. మా అమ్మ పుట్టిన ఊరు, మా అమ్మ నోరు, అన్నీ కలిపి కొన్ని ప్రాంతాలు.

కోపం రాలేదా అంటే, వచ్చింది. అయినా మార్చాను. పుస్తకంలో నా పేరు చూసుకోవాలని సిగ్గులేని ఆశ. శీర్షిక మార్చడానికి అర నిమిషం కూడా పట్టలేదు.

అమ్మ ఆ నెలలోనే కంటి దవాఖానకని వనపర్తి వచ్చింది. కళ్లద్దాలు కొత్తవి. అవి పెట్టుకుని, అన్నం కూడా తినకుండా కంప్యూటరు ముందు కూర్చుంది.

"చూపియ్యి."

ఆ పేజీ వద్దని వేరేవి చూపించాను. జొన్నరొట్టె చూపించాను, పచ్చిపులుసు చూపించాను. అమ్మ ఊరుకోలేదు. ఐదో తరగతి దాకా చదివిన మనిషి, తెలుగు బాగానే చదువుతుంది. చివరికి తెరవక తప్పలేదు. తెర మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. స, ర్వ, పిం, డి.

వేలు తియ్యలేదు.

"గిదెవరి మాట?"

పుస్తకం సంగతి చెప్పాను. గంజప్ప అంటే ఎవరికీ తెల్వదంటున్నరమ్మా, నవ్వుతున్నరు అన్నాను.

"నవ్వుతరు. మా అత్త గూడ గందుకే ఇడ్సిపెట్టమన్నది," అంది అమ్మ. కళ్లద్దాలు తీసి పెట్టెలో పెట్టుకుంది. "ఆమె పరాయిది బిడ్డా. నువ్వు నా కడుపున పుట్టినవు."

నన్ను రెండు దెబ్బలు వేసినా బాగుండేది. తల కొట్టేసినట్లయింది. అప్పుడు గుర్తొచ్చింది, నేను ఈ ఇంటికొచ్చిన రెండో రోజే, ఎవరూ అడగకుండానే గిన్నెరొట్టె మానేసి తపాలచెక్క అన్నాను. మా అమ్మకు నాయనమ్మ చెబితే గానీ కాలేదు. నాకు చెప్పే మనిషి కూడా అక్కర్లేకపోయింది.

అమ్మ ముందే శీర్షిక మార్చాను. గంజప్ప. అమ్మ మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుని చదివింది, మొహం కాస్త విప్పారింది. కానీ నా కళ్లు పైన చిరునామా మీదే ఉన్నాయి. అక్కడ ఇంగ్లీషులో సర్వపిండి అని అట్లాగే ఉంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. మళ్లీ అదే 'ఎవరు చూస్తారులే'. ఆ మాట తోచగానే నా మీద నాకే అరికాలి మంట నెత్తికెక్కింది.

చిరునామా మారాలంటే పోస్టు మొత్తం తీసేసి కొత్తగా వెయ్యాలి. తీసేస్తే కామెంట్లన్నీ పోతాయి. బయట వాళ్లు ఇచ్చిన లింకులన్నీ చచ్చిపోతాయి. తీసేశాను. వరంగల్ ఆయన పోయాడు, నల్గొండ ఆవిడ పోయింది, పీడా పోయింది. 'వచ్చిందండీ' అన్నామె కూడా పోయింది. అదొక్కటే బాధ. తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో ముందు గంజప్ప అని కొట్టి పోస్టు వేసి, మళ్లీ తెలుగులో గంజప్ప అని మార్చాను. గిన్నె చల్లార్చే ముక్క ఈసారి వంటలోనే రాశాను. హైదరాబాదు ఆవిడకు, పేరు ఇదే, ఇష్టమైతే వేసుకోండి, లేకపోతే మానండి అని రాశాను. మానేశారు.

అమ్మ అదంతా పక్కన కూర్చుని చూసింది. పైన చిరునామా మీద వేలు పెట్టి, "గీడ గూడ గదే ఉన్నదా?" అని అడిగింది. గదే ఉన్నదన్నాను. లేచి వంటింట్లోకి నడిచింది. అక్కడ మా అత్తమ్మ కూరగాయలు తరుగుతోంది.

"వదినె, గంజేడున్నది? గంజప్ప చేస్త," అంది అమ్మ.

"గంజప్ప ఏంది వదినె, తపాలచెక్క అంటం మేము," అంది అత్తమ్మ. పాపం, ఆమె ఎగతాళికి అనలేదు.

"ఈ పూట గంజప్ప, అత్తమ్మా," అన్నాను నేను. పదమూడేళ్ల కాపురంలో ఆమెతో ఆ గొంతుతో మాట్లాడింది అదే మొదలు. అత్తమ్మ నా వంక ఒకసారి చూసి, పైన అటక మీదున్న మందపాటి గిన్నె దించి ఇచ్చింది.

అమ్మ రాజోలికి వెళ్లిన వారానికి ఫోన్ చేసింది.

"మీ నాయిన గిన్నెరొట్టె చెయ్యమన్నడు. గంజప్ప అని అడుగు, చేస్త అన్న."

"అన్నడా?"

"గిన్ని దినాలు లేని పేరు ఇప్పుడేందని గుర్రుమన్నడు."

"మరి?"

"మూడు దినాలాయె. ఆయన అనలే, నేను చెయ్యలే."