చీటీ అని చెప్పమన్నది నేనే

ఫోను చేస్తే నేను వరుసగా అందరి ఆరోగ్యమూ అడుగుతాను. ఒకరిని వదిలేస్తే వాళ్ళకేదో అవుతుందని నాకు భయం. ఆ రోజు పొద్దున కూడా అట్లాగే అడిగాను. మనవరాలికి దగ్గు తగ్గిందా అన్నాను. తగ్గిందంది మా అమ్మాయి. అల్లుడి నడుము నొప్పి ఎట్లుందన్నాను. పరవాలేదంది. ధర్మవరంలో మీ మామకు షుగరు ఎంతుందన్నాను. ఊఁ అంది. మీ అత్త బాగుందా అని చివర అడిగాను. "అత్త లేదమ్మా. తెల్లారి కాపీ తాగి గోడకు ఆనుకునింది. అంతే" అంది.

ఆమె నా వియ్యపురాలు. నేను వదినా అనేదాన్ని, ఆమె కూడా నన్ను వదినా అనేది. నెల మాసికానికి నలుగురి మాటలతో చిన్న పుస్తకం వేయిస్తున్నాడు అల్లుడు. "అత్తా, నువ్వు కూడా రెండు ముక్కలు రాయి" అన్నాడు. ఐదో తరగతితో ఆగిన చదువు నాది. తప్పులుంటే బంధువులు మన్నించాలి. ఆమె గురించి రాయాలంటే నా తప్పు ఒకటి ముందు చెప్పుకోవాలి. చెప్పకపోతే ఆమె మంచితనం ఏమిటో మీకు తెలియదు.

మాది పెనుకొండ. అమ్మాయి, అల్లుడు హిందూపురంలో ఉంటారు. అమ్మాయి బట్టలు కుట్టే ఫ్యాక్టరీకి పోతుంది. అల్లుడు ఇంకొకరి సామాన్ల ఆటో తోలేవాడు. వియ్యపురాలి ఇల్లు ధర్మవరం. మొగుడు గుంట మగ్గంలో చీర నేస్తుంటే ఈమె పక్కన కూర్చుని కండెలు చుట్టేది. ముగ్గురిదీ ఒకే రైలు దారి.

మా ఆయనకు కంట్లో నీటి కాసుల జబ్బు వచ్చింది. పోయిన చూపు రాదు, ఉన్న చూపు పోకుండా నెలనెలా చుక్కల మందు వేయాలి, ఒక్క నెల కూడా మానకూడదు అన్నాడు డాక్టరు. ఆయన హోటలు పని మానేశాడు. మా ఇంట్లో పింఛను ఒకరికే వస్తుంది. బాడుగ ఇల్లు. అమ్మాయికి పెళ్ళయి మూడు నెలలు కాలేదు, "జీతం పడతానే నాలుగు వేలు నీ బ్యాంకులో వేస్తానమ్మా" అంది. ఏడో తారీకు వేసేది. మర్నాడు నేను పోయి, ఊళ్ళో బ్యాంకు డబ్బులిచ్చే అబ్బాయి మిషను మీద వేలిముద్ర వేసి తెచ్చుకునేదాన్ని.

తెచ్చుకునేదాన్ని గానీ నిద్ర పట్టేది కాదు. కూతురి సొమ్ము తింటారా అనే మాట మా వైపు చిన్న మాట కాదు. మా అమ్మ నా ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగలేదు. అల్లుడికి తెలిస్తే ఏమనుకుంటాడో, వియ్యపురాలు నలుగురిలో ఏమంటుందో అని ఒకటే దిగులు. అమ్మాయి మొగుడికి చెప్పేస్తానంటే నేనే ఆపాను. "చీటీ కడతాండానని చెప్పు" అన్నాను. చీటీ కట్టని ఇల్లుంటుందా, ఎవరూ అడగరు అనుకున్నాను. మూడేళ్ళు ఎవరూ అడగలేదు.

తర్వాత అల్లుడు సొంతంగా పాత ఆటో ఒకటి మాట్లాడుకున్నాడు. పది వేలు బయానా ఇచ్చేసి ఇంటికొచ్చి, "మే, నీ చీటీ ఈ నెల పాడేద్దాం. మిగతాది దాంట్లో వస్తాది" అన్నాడట. అప్పుడు వదిన హిందూపురంలోనే ఉంది, మనవరాలిని చూసుకోను వచ్చి. బియ్యం ఏరుతూ, "నెలకెంత కడతాండావు అమ్మాయీ?" అని అడిగింది.

"నాలుగు వేలత్తా."

"అన్ని నెలలూనా?"

"ఆఁ."

కొడుకు బండి తీసుకుని పోయినాక వదిన వంటింట్లోకి వచ్చింది. "ఏం చీటీ అమ్మాయీ నీది? పాట పాడినంక, పాడినోళ్ళు వదులుకునింది అందరికీ పంచితే కట్టేది తగ్గల్ల కదా. మా ఈదిలో ఒక నెల మూడు వేల రెండు నూర్లు, ఒక నెల మూడున్నర. నీది మాత్రం రాయి మాదిరి నాలుగు వేలు. ఇరవై ఏండ్లు చీటీలు కట్టినదాన్ని, నాకు తెలీదా?"

అమ్మాయి ఏడ్చేసింది. ఏడుపులోనే అంతా చెప్పింది. అప్పుడు ఆమె అన్న మాట మా అమ్మాయి నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు. "అమ్మానాయనకు పంపేది తప్పు గాదు. చీటీ అనింది తప్పు. నేను వానికి చెప్పను. నేను చెప్తే వాడు నన్ను చూసి ఊరకుంటాడు, నిన్ను అర్థం చేసుకున్నట్లు గాదు. నువ్వే చెప్పల్ల."

మర్నాడు ఆమె పాసింజరు రైలెక్కి ధర్మవరం పోకుండా పెనుకొండలో దిగింది. వాకిట్లో ఆమెను చూడగానే చేతిలో పని వదిలేసి లేచాను.

"వదినా, నీ చీటీలో నాకూ ఒక పేరు రాయి. అంత నికరమైన చీటీ మా ధర్మవరంలో లేదు" అంది.

ఆమె చెప్పులు విడిచి లోపలికొచ్చి, మా ఆయన మందు సీసా వెలుతురులో పెట్టి ఎంత మిగిలిందో చూసింది. "ఇది నిలపకూడదంట కదా" అంది. నిలపకూడదన్నాను. "మరి నిలపాల్సొస్తే? మా వానికి ఇంకొకరి నోట తెలిసి, ఆ కోపంలో నిలిపేయమంటే? అప్పుడు ఈ కండ్లకు ఎవరు జవాబు చెప్తారు? నువ్వా, నేనా?"

అంతవరకు నా పరువు గురించే దిగులు పడ్డాను గానీ ఆ మాట నాకు తోచలేదు. భయంతో నేను దాచిందే మా ఆయన చూపుకు ముప్పు తెచ్చేదని అప్పుడు తెలిసింది. అన్నానికి లేవమంటే నవ్వింది. "కూతురింట్లో తినకూడదంటావు, వియ్యపురాలింట్లో తినొచ్చునా?" అంది. తిన్నది. ఉలవచారు రెండోసారి వేయించుకుంది.

మొగుడికి ఎట్లా చెప్పాలో కూడా మా అమ్మాయికి ఆమే నేర్పింది. అలసిపోయి బండి దిగినప్పుడు వద్దు, ఆదివారం తిన్నాక చెప్పమంది. ఎంత, ఎప్పటి నుంచి, ఎందుకు, ఈ మూడూ నీ నోటితోనే రావాలంది. పోలికలు తేవద్దంది. "మీ అమ్మకైతే ఇయ్యవా అని ఒక్క మాట అన్నావంటే అంతా చెడిపోతాది" అంది.

అమ్మాయి అట్లాగే చెప్పింది. "చీటీ లేదు. పెండ్లయిన మూడో నెల నుంచి నెలకు నాలుగు వేలు మా అమ్మకు పంపిస్తాండా. మా నాయన కంటి మందుకు, ఇంటి బాడుగకు. నా జీతంలోనే పంపిస్తాండా గానీ నీకు చెప్పకుండా పంపింది నాదే తప్పు. పంపేది మానమంటే మానలేను. ఎంత పంపాలో ఇద్దరం కూర్చుని అనుకుందాం. నా బాధ రవ్వంత అర్థం చేసుకో." ఫోనులో బ్యాంకు మెసేజీలు మొదటి నెల నుంచీ తీసి చూపించింది.

అల్లుడు అన్నీ చూశాడు. "నా బాధ దుడ్ల గురించి గాదు మే. అడిగింటే వద్దంటానా? మూడేండ్లు చీటీ చీటీ అంటివి. నేను ఆటో కొంటాండానని ఊరంతా చెప్పుకుంటి" అన్నాడు. నాలుగు రోజులు మాట్లాడలేదు. అమ్మాయి ఫోను చేసి ఏడిస్తే, పంపొద్దులే, మందు మేమే ఎట్లో చూసుకుంటాం అన్నాను. అదీ భయంతోనే అన్నాను. ఆటో అమ్మేవాడు బయానాలో సగమే తిరిగిచ్చాడు. ఆ ఐదు వేలు పోయింది నా మాట వల్లే.

ఐదో రోజు అల్లుడే కూర్చుందామన్నాడు. ఇంటి బాడుగ, పాప పాల ఖర్చు, సరుకులు పక్కన పెట్టి మిగిలేది చూసుకున్నారు. మాకు నాలుగు వేలు అట్లాగే పంపాలి. ఆసుపత్రి లాంటిది వస్తే ఎంతైనా సరే, ముందు ఇద్దరూ అనుకుని పంపాలి. అడగకుండా పంపేది, అడిగితే దాచేది ఇంక ఉండకూడదు. ఆటో ఒక సంవత్సరం ఆగాలి. దానికి నిజం చీటీ ఒకటి కట్టాలి. అంతా అయ్యాక అల్లుడు, "మా అమ్మకు నేను ఒక్క రూపాయి పంపలేదు చూడు" అన్నాడట. "పంపు. వద్దనినానా?" అంది అమ్మాయి. వెయ్యి రూపాయలు అనుకున్నారు.

వదినకు ఆ వెయ్యి అవసరం లేదు. మగ్గం ఆడుతోంది, ఇల్లు సొంతం. మొగుడు వద్దని చెప్పమన్నాడట. ఆమె తీసుకుంది. ఎందుకు తీసుకున్నావని తర్వాత ఒక పెండ్లిలో నేనే అడిగాను. నా చెవి దగ్గరకు వచ్చి, "నేను తీసుకోకపోతే నువ్వు ఒక్కదానివే తీసుకునేదానివి అవుతావు. ఇప్పుడు ఇద్దరమూ ఒకటే" అంది. తాంబూలం నా చేతిలో పెట్టి వేరే వాళ్ళతో మాట్లాడను పోయింది.

ఆ తర్వాత ప్రతి నెలా ఏడో తారీకు ఫోను చేసేది. "నాకు పడింది వదినా, నీకు పడిందా?" అనేది. పడకపోతే నేను కంగారు పడతానని తెలుసు. "రేపు పడుతుందిలే, బ్యాంకులు గూడా మన మాదిరే ముసలివి" అనేది. ఆ మాటకు మా ఆయన కూడా నవ్వేవాడు. మందు వేసుకున్నావా అన్నా అని ఆయనను పిలిచి మరీ అడిగేది. నిరుడు ఆటో వచ్చింది. దాంట్లో మొదట ఎక్కింది మా ఆయన, కంటి ఆసుపత్రికి. ఆయన చూపు ఉన్నంత ఉంది.

ఆమె పోయాక నాకు మళ్ళీ పాత భయం పట్టుకుంది. తల్లికే పంపేది లేనప్పుడు అత్తమామలకు ఎందుకు అని అల్లుడికి అనిపించదా, ఎవరైనా అట్లా నూరిపోయరా అని. అమ్మాయిని అడగలేను. అడిగితే దానికి బరువు. ఈసారి దాచకూడదనుకుని, నిన్న నేనే అల్లుడికి ఫోను చేశాను. అందరి ఆరోగ్యమూ అడగడం కూడా మరిచిపోయాను. "నాయనా, ఇంట్లో ఇబ్బందిగా ఉంటే తగ్గించు. నేనేమీ అనుకోను" అన్నాను.

"అత్తా, అమ్మది ఇంక నాయనకు పోతాది. మీది మీకే వస్తాది. నాయన ఒక్కడే ఉండాడు, మాట్లాడేదానికి మనిషి లేదు. మామను పిల్చుకోని నెల మాసికానికి నాలుగు రోజులు ముందే ధర్మవరానికి రాండి. కూతురింట్లో గాదులే, వియ్యంకునింట్లో తినొచ్చంట, అమ్మ చెప్తాండె" అన్నాడు.

పద్నాలుగో తారీకు పొద్దున పాసింజరుకు వస్తామని చెప్పాను. మామకు వంతెన మెట్లు కనపడవు, దిగిన చోటనే నిలబడండి, నేను వచ్చి చెయ్యి పట్టుకుంటా అన్నాడు. ధర్మవరం స్టేషనులో జనమంతా పోయాక, మెట్లు దిగి మా వైపు వచ్చే ఆ పిల్లవాడిలో వదిన నడకే కనిపిస్తుంది నాకు. పద్నాలుగు, శనివారం.